ఆ “నేను” గురించి అక్కకి ఎలా చెప్పాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. నెల్లూరు దగ్గర రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక ప్లాంటులో కొనుగోళ్ల సెక్షన్‌లో పని చేస్తున్నాను. పక్క సీటులో ఉండే అక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద. చేరిన రోజు నుంచి నాకు పని నేర్పింది ఆమే. ఒకే బస్సులో వెళ్తాం, క్యారియర్ పంచుకుని తింటాం. పోయిన రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర జనంలో తిరిగి తిరిగి నాకు సొంతింటి రొట్టె ఇప్పించింది కూడా ఆమే.

వేసవి పట్టుబడుల్లో తెల్లారేసరికి బండ్లన్నీ ఒక్కసారే గేటు ముందుకొచ్చి ఆగిపోయేవి. ఐసు కరిగిపోతోందని, సరుకు పాడవుతోందని రైతులతో రోజూ గొడవే. ముందు రోజు రాత్రే రైతులకి ఫోన్ చేసి, ఊరు ఎంత దూరమో, ఎన్ని టన్నులు వస్తాయో కనుక్కుని, ఒక్కో బండికి ఒక్కో టైము ఇద్దామని మే నెలలో భోజనాల దగ్గర అక్కతో అన్నాను. ఆ రాత్రి వాట్సాప్‌లో కూడా రాసి పంపాను. ఆమె దాన్ని ఎక్సెల్ పట్టికగా చేసి, ఏజెంట్లతో మాట్లాడి జూన్‌లో మొదలుపెట్టించింది. మూడు గంటలు ఆగే బండి ఇప్పుడు గంటలో దిగిపోతోంది. పన్నెండు రోజుల కిందట మీటింగ్‌లో మేనేజర్ గారు మెచ్చుకుంటే అక్క లేచి “నేను ఒక పద్ధతి ఆలోచించాను సార్” అని మొత్తం వివరించింది. నేను పక్కనే కూర్చున్నాను. నా పేరు రాలేదు.

మా ఆయన మేనేజర్‌కి చెప్పేయమంటారు. అమ్మ గమ్మునుండమంటుంది. దసరాకి ఇంక్రిమెంట్లు ఉన్నాయి. అడిగితే అక్క దూరమవుతుంది, అడక్కపోతే నాకు టెన్షన్. ఎలా చెప్పమంటారు?
— ఒక సోదరి, నెల్లూరు

జవాబు: పట్టిక అక్క చేసిందని, ఏజెంట్లతో మాట్లాడింది అక్కేనని మీరే రాశారు. నిద్ర పట్టనంత బాధలో కూడా ఆ సంగతి దాచలేదు. మీరు అక్కతో మాట్లాడబోయే మాటకి బలం అక్కడి నుంచే వస్తుంది కాబట్టి దాన్ని వదిలిపెట్టకండి.

మాట్లాడే ముందు ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఆ రోజు ఆ గదిలో ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి ఉంటే అందులో ఏం వినిపించేదో ఎడమ పక్క రాయండి. “నేను ఒక పద్ధతి ఆలోచించాను సార్” అన్న మాట అక్కడికి వస్తుంది. మే నెలలో మీరు పంపిన మెసేజ్, దాని తేదీ కూడా అక్కడికే. మీ మనసు చేర్చిన మాటలన్నీ కుడి పక్క రాయండి. కావాలనే అంది, ఇంక్రిమెంట్ కోసం అంది, నన్ను లెక్కలోంచి తీసేసింది, ఇన్నాళ్ల ప్రేమంతా పైపైదే. కుడి పక్కన రాసినవి అబద్ధాలని నేను అనడం లేదు. వాటిలో ఒకటో రెండో నిజమే కావచ్చు. కానీ అవి మీకు తెలిసిన సంగతులు కావు, మీరు ఊహించుకున్నవి. అక్క దగ్గరికి ఎడమ పక్క మాటలు మాత్రమే తీసుకెళ్లండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మనిషి జ్ఞాపకం ఈ విషయంలో నిజంగానే మోసం చేస్తుంది. 1989లో అలన్ బ్రౌన్, డానా మర్ఫీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంతమందిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, వంతులవారీగా ఆటల పేర్లు, సంగీత వాయిద్యాల పేర్లు లాంటివి చెప్పించారు. తర్వాత “మీరు చెప్పినవి మాత్రమే రాయండి” అన్నారు. కొందరు పక్కవాళ్లు చెప్పిన పేర్లను తాము చెప్పినట్టుగా రాశారు. వాళ్లకి ఇంక్రిమెంట్ ఆశ లేదు, మేనేజర్ మెప్పు లేదు, అబద్ధం చెప్పాల్సిన పనీ లేదు. విన్న విషయం గుర్తుంది, ఎవరి నోట విన్నారో అది చెరిగిపోయింది. దీనికి క్రిప్టోమ్నీజియా అని పేరు. మీ అక్క రెండు నెలలు రోజూ ఆ పట్టికతోనే ఉంది. రాత్రిపూట ఫోన్లు, ఏజెంట్లతో వాదనలు, మార్చిన టైములు. అంత పని చేసిన మనిషికి, దాని మొదటి మాట భోజనాల బల్ల దగ్గర ఇంకొకరు అన్నదని మసకబారిపోవచ్చు.

మసకబారిందని మాత్రం నేను చెప్పలేను. తెలిసే అని ఉండవచ్చు కూడా. అది మీరూ తేల్చలేరు, తేల్చాల్సిన అవసరమూ లేదు. మీరు చెప్పే మాట రెండింటికీ సరిపోవాలి. మర్చిపోయి ఉంటే ఆమెకి గుర్తు రావాలి, తెలిసే చేసి ఉంటే పరువు పోకుండా సరిచేసుకునే దారి దొరకాలి. “కావాలనే చేశావు” అంటే మర్చిపోయిన మనిషికి కోపం వస్తుంది, తెలిసి చేసిన మనిషి బుకాయిస్తుంది. రెండు విధాలా నష్టం మీకే.

ఇక మీ మెసేజ్ సంగతి. ఇవాళే మళ్లీ తెరిచి చదవండి. అందులో ఏముందో సరిగ్గా చూసుకోండి. దూరం, టన్నులు, టైము మూడూ రాశారా, లేక “ఒక్కో బండికి ఒక్కో టైము ఇస్తే ఎలా ఉంటుందక్కా” అని ఒక్క వాక్యమే రాశారా? రాసింది ఎంతో అంతకే మీరు నిలబడాలి. రైతు ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలి, బండి ఆలస్యమైతే తర్వాతి బండిని ముందుకి ఎలా జరపాలి అన్నవి అక్క తర్వాత కలిపి ఉంటే అవి అక్కవే. మీరు ఒక్క మెట్టు ఎక్కువ అడిగినా ఆమె ఆ ఎక్కువనే పట్టుకుంటుంది, అసలు విషయం పక్కకి పోతుంది. చదివాక ఫోన్ బ్యాగులో పెట్టేయండి. మాట్లాడేటప్పుడు స్క్రీన్ ఆమె ముఖం ముందు పెడితే అది పోలీస్ స్టేషన్ వ్యవహారంలా మారిపోతుంది. ఆమె “ఎప్పుడు చెప్పావ్?” అని అడిగితే “మే నెలలో, ఆ రాత్రి వాట్సాప్‌లో కూడా పంపాను, చూడు” అంటే చాలు. ఆమే తన ఫోన్‌లో వెతుక్కుంటుంది.

అసలు కష్టం మాటల ఎంపికలో ఉంది. మన భాషలో నింద చాలాసార్లు పెద్ద మాటలో ఉండదు, చిన్న ముక్కలో దాక్కుంటుంది. “నువ్వు అలా చెప్పావు” అంటే జరిగిన సంగతి. “నువ్వు అలా చెప్పుకున్నావు” అంటే నేరం. “కున్నావు” అన్న ఆ ముక్కలోనే స్వార్థం అనే అర్థం వచ్చేసింది. “నీ ఖాతాలో వేసుకున్నావు”, “పేరు కొట్టేశావు” కూడా అంతే. “కనీసం నా పేరు కూడా చెప్పలేదు” అన్న మాటలోంచి “కనీసం”, “కూడా” తీసేసి చదవండి. “నా పేరు చెప్పలేదు.” సమాచారం అంతా అలాగే ఉంది, దెప్పు మాత్రం పోయింది. “ఎందుకలా చేశావు?” అనే ప్రశ్న కూడా వద్దు. ఎందుకు అని అడిగితే మనిషి కారణాలు వెతుకుతుంది, కారణాలు దొరికాక వాటికే అంటిపెట్టుకుంటుంది.

ఇంకో వైపు జారిపోయే ప్రమాదం కూడా ఉంది. మీ ఉత్తరంలో “నా పేరు రాలేదు” అని రాశారు. వాన రాలేదు, బస్సు రాలేదు అన్నట్టుగా. అక్కతో కూడా అలాగే అంటే ఆమె “అవును, సార్ అడగలేదు కదా” అంటుంది, సంగతి అక్కడితో ఆగిపోతుంది. చేసిన మనిషి వాక్యంలో ఉండాలి. “నువ్వు ‘నేను ఆలోచించాను’ అన్నావు.” ఇది కఠినం కాదు, మెత్తనా కాదు. ఆమె నోటి మాటనే తిరిగి ఆమెకి చెప్పడం.

రోజూ ఆమెని “నువ్వు” అనే అంటుంటే ఆ రోజు కూడా “నువ్వు” అనే అనండి. కోపం బిగబట్టుకున్నప్పుడు మనకి తెలియకుండానే “మీరు చెప్పారు కదండీ” అని మర్యాదలోకి వెళ్లిపోతాం. దగ్గరి మనిషికి ఆ మర్యాద చెంపదెబ్బలా తగులుతుంది. “ఏమనుకోకక్కా, ఒక మాట...” అని మొదలుపెట్టినా అంతే. ఆమె అప్పుడే ఏదో అనుకోవడానికి సిద్ధమైపోతుంది.

ఇవన్నీ చూసుకున్నాక మాట ఇలా తయారవుతుంది. మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి.

“అక్కా, ఆ రోజు మీటింగ్‌లో బండ్ల టైముల గురించి చెప్పేటప్పుడు ‘నేను ఒక పద్ధతి ఆలోచించాను’ అన్నావు. ఆ ఆలోచన మే నెలలో నేను నీకు చెప్పింది. పట్టిక చేసింది, ఏజెంట్లని ఒప్పించింది నువ్వు. నా పేరు చెప్పకపోయేసరికి నాకు బాధేసింది. మొదటి ఆలోచన నాది, అమలు నీది అని సార్‌కి తెలిసేలా ఒక మెసేజ్ పెడతావా?”

ఇందులో చివరి వాక్యాన్ని దయచేసి వదలకండి. చాలామంది బాధ చెప్పి అక్కడితో ఆపేస్తారు. అప్పుడు ఎదుటి మనిషికి ఏం చేయాలో తెలియదు. సారీ చెప్పి, రెండు రోజులు ఎక్కువ ప్రేమగా ఉండి, అంతా సర్దుకుందనుకుంటుంది. మేనేజర్‌కి తెలిసింది మాత్రం మారదు. మీరు అడిగేది చిన్నది, చేయగలిగింది అయి ఉండాలి. మళ్లీ మీటింగ్‌లో లేచి అందరి ముందు చెప్పమంటే ఆమెకి తలవంపులు. మేనేజర్‌కి ఒక మెసేజ్, లేదా ఆయన గదికి ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడు ఒక మాట అయితే ఆమె చేయగలదు.

చోటు కూడా ముఖ్యమే. బస్సులో వద్దు, వెనక సీటు వాళ్లు వింటారు. వాట్సాప్‌లో అసలే వద్దు, అక్కడ గొంతు వినిపించదు, చదివేవాళ్లు తమ కోపాన్నే అందులో వింటారు. బండ్లు ఎక్కువగా వచ్చే రోజు వద్దు. దించుకోవడం తొందరగా అయిపోయిన సాయంత్రం చూసి “అక్కా, పది నిమిషాలు అలా నడుద్దామా” అనండి. పక్కపక్కన నడుస్తుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిన ఇబ్బంది ఉండదు, గొంతు దానంతటదే తగ్గుతుంది. ఈ వారంలోనే చెప్పండి. నేను ఒకసారి ఇలాంటి మాట ఆరు నెలలు కడుపులో పెట్టుకుని చెప్పాను. అవతలి ఆమె నిజాయితీగానే “ఆ రోజు నేనేమన్నానో నాకు గుర్తు లేదు” అంది. నాకు ప్రతి అక్షరం గుర్తుంది, ఆమెకి ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఐసు కరిగాక బండి దించితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆమె ఏమంటుందో రెండు మూడు విధాలుగా ఊహించుకుని వెళ్లండి. “అయ్యో, నిజమేనే, నాకు తట్టనే లేదు” అనవచ్చు. ఇక్కడే మీరు తప్పు చేసే అవకాశం ఎక్కువ. “పర్లేదులే అక్కా” అని నోటికి వచ్చేస్తుంది. ఆ ఒక్క మాటతో అడిగిందంతా మీరే కొట్టేసినట్టు. దానికి బదులు “అర్థం చేసుకున్నావు, సంతోషం. మెసేజ్ ఎప్పుడు పెడదాం?” అనండి.

లేదా “ఒక మాట అన్నావు, అంతేగా. రాత్రిళ్లు ఫోన్లు చేసింది నేను, ఏజెంట్లతో తిట్లు తిన్నది నేను” అనవచ్చు. ఇది విన్నప్పుడు కోపం వస్తుంది. కానీ ఆ మాటలో నిజమైన భాగం ఉంది, దాన్ని ముందు ఒప్పుకోండి. “అవునక్కా, ఆ కష్టం నీదే. నేను అది కాదనడం లేదు. మొదటి ఆలోచన నాది. సార్‌కి రెండూ తెలియాలి.” ఆమె మళ్లీ వాదిస్తే మీరు కొత్త వాదన వెతక్కండి, ఇదే మాట ఇదే గొంతుతో ఇంకోసారి చెప్పండి. పాత సంగతులు, ఎప్పుడో మీరు చేసిన సాయాలు తీయకండి. ఆమె సొంతింటి రొట్టె మాట తీసినా సరే, “అది నేను మర్చిపోను. ఇది వేరే సంగతి” అని మళ్లీ ఇక్కడికే రండి.

ఏడవవచ్చు కూడా. అప్పుడు ఆగండి, మంచినీళ్లు ఇవ్వండి, “రేపు మాట్లాడుకుందాం” అనండి. “అయ్యో, నేను అడక్కుండా ఉండాల్సింది” అని మాత్రం అనకండి. మర్నాడు నిజంగానే మాట్లాడండి.

అమ్మగారి సలహా తీసిపారేయదగ్గది కాదు. ఆవిడ మీ స్నేహాన్ని చూసి అన్నారు. ఒక్కసారికి వదిలేసి, ఇకమీదట ఏ ఆలోచన వచ్చినా ముందు సెక్షన్ గ్రూపులో నాలుగు వాక్యాలు రాసి, ఆ తర్వాతే భోజనాల దగ్గర మాట్లాడటం ఒక దారే. మనసు నిజంగా వదిలేయగలిగితే అది సరిపోతుంది. కానీ మీరు పన్నెండు రోజులుగా వదల్లేకపోతున్నారు. అలాంటప్పుడు మౌనం మౌనంగా ఉండదు. “కొంతమందికి పేరంటే ఎంత ఇష్టమో” అని ఒక సూటిపోటి మాటగానో, వాట్సాప్ స్టేటస్‌గానో బయటికి వస్తుంది. స్నేహాన్ని తేటగా అడిగిన మాటకన్నా అదే ఎక్కువ చెడగొడుతుంది. దసరా ఇంక్రిమెంట్‌లో మీ పేరు వెనక పడితే ఆ బాధకి ఇంకొకటి తోడవుతుంది.

మీవారు చెప్పిన దారికీ ఒక సమయం ఉంది. ఇది మూడోసారి అయితే నేనే మేనేజర్ దగ్గరికి వెళ్లమనేదాన్ని. మొదటిసారికే వెళితే ఏమవుతుందో చూడండి. ఆయన అక్కని పిలిచి అడుగుతారు. అక్కకి మీ బాధ మీ నోట కాకుండా ఆయన నోట తెలుస్తుంది. ఆమె మర్చిపోయి ఉన్నా సరే, ఆ గదిలో ఆమెకి మిగిలే పని తనని తాను కాపాడుకోవడమే. మీ మెసేజ్ చూపించి మీరు గెలవచ్చు. కానీ మీ సెక్షన్‌లో ఇద్దరి మధ్య జరిగింది ఒక ఫిర్యాదుగా మిగిలిపోతుంది, ఫిర్యాదు చేసిన మనిషిగా మీరూ గుర్తుండిపోతారు.

అక్క ఒప్పుకుని కూడా మెసేజ్ పెట్టకుండా రోజులు నెడితే? ఒక వారం చూడండి. తర్వాత ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ లేకపోతే ఆమెకి ముందే చెప్పి మీరే రాయండి. “అక్కా, ఆ పద్ధతి గురించి రేపు నేను సార్‌కి మెయిల్ పెడుతున్నాను, నీ పేరు కూడా రాస్తున్నాను” అని. మెయిల్ ఫిర్యాదులా కాకుండా పనికి సంబంధించినదిగా ఉండాలి. ఉదాహరణకి: “సార్, బండ్లకి టైములు ఇచ్చే పద్ధతిని మే నెలలో నేను సూచించాను. దాన్ని పట్టికగా చేసి, ఏజెంట్లతో మాట్లాడి అమలు చేసింది అక్క. ఇప్పుడు విడవలూరు, అల్లూరు వైపు నుంచి వచ్చే బండ్ల విషయంలో ఇంకో మార్పు చేస్తే బాగుంటుందని అనుకుంటున్నాం” అని రాసి, ఆ మార్పు ఏమిటో చెప్పండి. అందులో అక్క పేరు రాయండి, కాపీ ఆమెకీ పెట్టండి. ఎవరి మీదా ఒక్క మాట లేదు, కానీ ఎవరు ఏం చేశారన్నది తేదీతో సహా కాగితం మీదకి వచ్చేసింది. దసరా ముందు మీ పనుల జాబితా అడిగినప్పుడు ఇదే వాక్యం అక్కడా పెట్టుకోవచ్చు. ఆమెకి చెప్పకుండా మాత్రం పంపకండి. ఆయన పిలిచి అడిగినప్పుడు ఆమె మొదటిసారి వినకూడదు.

మాట్లాడిన మర్నాడు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఆమె ఫోన్ చూసుకుంటూ కూర్చోవచ్చు, మీతో పొడిగా మాట్లాడవచ్చు. ఆ మౌనాన్ని భరించలేక క్షమాపణలు చెప్పకండి, మళ్లీ ఆ విషయం ఎత్తకండి. ఎప్పటిలాగే ఆమె పక్క సీటులోనే కూర్చోండి. క్యారియర్‌లో ఆమె వాటా కూడా పెట్టుకెళ్లండి.